జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ అక్కర్లేదా?

"మొహం మీద నూనె కారుతుంటే మాయిశ్చరైజర్ దేనికండీ? పైన క్రీమ్ రాస్తే రంధ్రాలు మూసుకుపోయి మొటిమలొస్తాయి. రోజుకి నాలుగైదుసార్లు సబ్బుతో కడుక్కుని, కాస్త కలబంద గుజ్జు రాసుకుంటే చాలు."

జిడ్డు చర్మం గురించి తరచూ వినబడే మాటే ఇది. నూనె ఉంటే తేమ ఉన్నట్టే అనుకోవడం దగ్గరే లెక్క తప్పింది. మొహం మీద మెరిసేది సెబమ్. అది చర్మంలోని నూనె గ్రంథుల నుంచి వస్తుంది, ఎంత రావాలన్నది ఎక్కువగా హార్మోన్ల చేతిలో ఉంటుంది. చర్మం పైపొరలో నీటిని పట్టి ఉంచే పని మాత్రం వేరేవాటిది: కణాల లోపల నీటిని లాక్కునే పదార్థాలు, కణాల మధ్య సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. సెబమ్ ఎంత ఊరినా వీటి లోటు తీరదు. అందుకే మధ్యాహ్నానికి నుదురు జిడ్డోడుతున్నా, బుగ్గలు కడగ్గానే బిగుసుకుపోయి, ముక్కు పక్కన పొట్టు లేచేవాళ్లు ఉంటారు. చర్మానికి నూనె ఎక్కువై, నీరు తక్కువైన స్థితి అది.

ఇంకోవైపు, మాయిశ్చరైజర్ రాస్తే నూనె ఊరడం ఆగిపోతుందని చెప్పేవాళ్ల మాటా నమ్మొద్దు. మెరుపు కాస్త తగ్గొచ్చు గానీ గ్రంథులు పని మానవు. మాయిశ్చరైజర్ పని నీటిని నిలపడం, మంట తగ్గించడం.

రంధ్రాలు మూసుకుపోతాయన్న భయంలో కొంత నిజముంది, అయితే అది ఏది రాశామన్నదాన్ని బట్టి. కొబ్బరి నూనె, కోకో బటర్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ లేబుల్‌లో ముందు వరుసలో ఉంటే మొటిమలొచ్చే మొహానికి వద్దు. గ్లిజరిన్, డైమెథికోన్, నయాసినమైడ్ ఉన్నవాటికి ఆ బెడద తక్కువ. రంధ్రాలు మూయదని చెప్పే 'నాన్ కొమెడోజెనిక్' అన్న మాట మీద పూర్తిగా ఆధారపడకండి, దానికి చట్టం కట్టుదిట్టంగా పెట్టిన కొలత లేదు. కొత్తది కొన్నప్పుడు దవడ కింద ఒక పక్కన మూడు నాలుగు వారాలు రాసి చూడండి. మూసుకున్న రంధ్రం గడ్డలా కనబడటానికి వారాలు పడుతుంది. రాసిన మర్నాడే ఎర్రగా, మంటగా ఉంటే అది రంధ్రాల సంగతి కాదు, ఆ పదార్థం పడకపోవడం.

ఇక సబ్బు. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది దాదాపు 5. నాలుగుసార్లు కడిగితే జిడ్డుతోపాటు కణాల మధ్య కొవ్వులూ పోతాయి, కొన్ని గంటల్లో మళ్లీ మెరుపు మాత్రం వచ్చేస్తుంది. పొద్దున, రాత్రి సున్నితమైన ఫేస్‌వాష్ చాలు. మధ్యలో టిష్యూ కాగితంతో అద్దుకోండి. కలబంద గుజ్జు దాదాపు 99 శాతం నీళ్లే. రాసినప్పుడు చల్లగా ఉంటుంది, ఆరాక ఆ నీటిని ఆపే పొర ఏదీ మిగలదు. ఆకు నుంచి తీసింది అయితే పసుపుపచ్చ రసం దురద పుట్టించే అవకాశమూ ఉంది.

జెల్లా, లోషనా అన్నది వాతావరణం, వాడుతున్న మందులు చూసి తేల్చుకోవాలి. విశాఖ, విజయవాడలాంటి ఉక్కపోత ఊళ్లలో పగటిపూట నీటి ఆధారమైన జెల్ హాయిగా ఉంటుంది. కానీ రోజంతా ఏసీ గదిలో ఉండేవాళ్లకి గ్లిజరిన్ ఒక్కటే ఉన్న జెల్ చాలదు, నీటిని ఆపే పొర కట్టే డైమెథికోన్ కూడా ఉన్న జెల్ క్రీమ్ తీసుకోవాలి. లేబుల్ మొదట్లోనే ఆల్కహాల్ డినాట్ ఉన్న జెల్ పొడిబారుస్తుంది. పలుచని లోషన్, ముఖ్యంగా సెరమైడ్లున్నది, రాత్రిపూటకి, మొటిమల మందు వాడేవాళ్లకి బాగుంటుంది. ఒంటికి రాసే లోషన్ మొహానికి వాడొద్దు. అందులో చిక్కని వెన్నలు, వాసనలు ఎక్కువ.

ఉదాహరణకి, రాత్రి మొటిమల మందు అడాపలీన్ 0.1 శాతం జెల్ మొదలుపెట్టి, రెండో వారానికి నోటి పక్కన పొట్టు రాలుతున్న జిడ్డు చర్మం కుర్రాణ్ని తీసుకోండి. చాలామంది ఇక్కడే మందు మానేస్తారు. అలా కాకుండా మొహం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బఠాణీ గింజంత లోషన్ ముందు రాయాలి. పది నిమిషాలాగి మందు కూడా బఠాణీ గింజంతే మొహమంతా రాయాలి. అప్పటికీ మంటగా ఉంటే మందుపైన మరో పలుచని పూత, లేదా రాత్రి విడిచి రాత్రి మందు. పొద్దున కడిగాక, మొహం కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ జెల్. మూడు నాలుగు నిమిషాలకి సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్ రాసేటప్పుడు చిన్న చిన్న ఉండలుగా రాలితే జెల్ ఎక్కువైందని, లేదా ఆరకముందే రుద్దారని అర్థం. జెల్ సగం చేసి, రుద్దకుండా అద్దితే సరిపోతుంది.

నుదుటి మీద ఒకే సైజు చిన్న పొక్కులు గుంపుగా వచ్చి దురద పెడుతుంటే జెల్ మార్చి లాభం లేదు. అది ఫంగస్ వల్ల కావచ్చు, చర్మ వైద్యులకి చూపించండి. ఈలోగా తలనూనె నుదుటికి జారకుండా చూసుకోండి.