26 వేల రూపాయల యూనిట్టు

మా వీధివాళ్ల సంక్షేమ సందేహాలు తీర్చే బాధ్యత నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. మొన్న కంచరపాలెం నుంచి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు.

"ఏటి మాస్టారూ, మాది తెల్లకార్డే. పిల్లలిద్దరూ బడికెళ్తన్నారు. తల్లికి వందనం పడలేదేటి?"

సచివాలయంలో కంప్యూటర్ చూసి, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటింది, అందుకే రాదన్నారట.

"అయితే తమరు సంపన్నులు. ఇన్నాళ్లూ తెలుసుకోకపోవడం తమదే తప్పు" అన్నాను.

విషయం ఏమిటంటే, ఈ పథకానికి నగరంలో కుటుంబ నెలాదాయం 12 వేలు దాటకూడదని నిబంధన ఉంది. కానీ ఆటోవాడికి జీతం స్లిప్పు ఎక్కడిది? అందుకే ప్రభుత్వం మీటరును అడుగుతుంది. అది అబద్ధమాడదు, లంచం తీసుకోదు. ఎవరి ఫ్యాను తిరిగిందో మాత్రం దానికి తెలియదు.

మనవాడిది 900 చదరపు అడుగుల ఇల్లు. పై పోర్షన్ అద్దెకిచ్చాడు. మీటరు ఒక్కటే, పైవాళ్లకు సబ్‌మీటరు. తాను నెలకు 190 యూనిట్లు వాడతాడు, పైవాళ్లు 170. కలిపి 360. మన ఉక్కపోతలో ఇది విలాసమంటే నేనొప్పుకోను, కంప్యూటర్ ఒప్పుకుంటుంది.

తల్లికి వందనం కింద బడికెళ్లే ఒక్కో బిడ్డకు ఏడాదికి 15 వేలు. అందులో 2 వేలు బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాలో పడేది 13 వేలు. ఇద్దరికి 26 వేలు. లెక్క 12 నెలల సగటు మీద కాబట్టి ఏడాదికి 3,600 యూనిట్ల దాకా మీరు పేదలు. 3,601వ యూనిట్టు వెలిగించారా, దాని ఖరీదు 26 వేల రూపాయలు! కాస్త దాటినవాడికి కాస్త తగ్గించి ఇవ్వొచ్చుగా అంటారేమో. అలా ఇస్తే లెక్క కష్టం. గీత గీయడం తేలిక.

ఖజానాను కూడా అర్థం చేసుకోవాలి. 2025 జూన్‌లో 67 లక్షల పైచిలుకు పిల్లలకు ఇస్తేనే దాదాపు 8,745 కోట్లు అయింది. రాష్ట్రం చేసే అప్పుకు కేంద్రం పరిమితి పెట్టింది. ఎవరినో ఒకరిని గుమ్మంలో ఆపాలి. పై పోర్షన్ ఉన్నవాడు కళ్లబడ్డాడు.

"మరి దారేటి?"

పైవాళ్ల పేరు మీద, వాళ్ల ఆధార్‌తో వేరే మీటరు పెట్టించమన్నాను. మీ ఆధారే తగిలిస్తే రెండు మీటర్లూ కలిపి మళ్లీ 360 చూపిస్తుంది. మీటరు మారిన మర్నాడే పేదవాడు అయిపోడు కూడా. పాత నెలలు సగటులో ఉంటాయి. నాలుగో నెలకు 303, ఐదో నెలకు 289. అప్పుడు అర్జీ పెట్టుకోవచ్చు.

అతను వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "ఐదు నెల్లా? పైవాళ్లు నిన్నే కూలర్ తెచ్చారు మాస్టారూ" అన్నాడు.