కూతురి పేరున ఫ్లాట్: డబ్బు ఎవరిదో కాగితం చెప్పాలి

"కన్నపిల్లల పేరున కొంటే బినామీ కాదు" అని దస్తావేజు లేఖరుల దగ్గర్నుంచి ఇక్కడ అమెరికాలో మన శనివారం విందుల దాకా అందరూ ధీమాగా చెబుతారు. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియక, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నలు ప్రేమతో కొన్న ఫ్లాటు, పదేళ్ల తర్వాత న్యూజెర్సీలో ఉన్న బిడ్డకు నోటీసై రావచ్చు.

1988 నాటి బినామీ చట్టాన్ని 2016లో దాదాపు తిరగరాశారు. ఆ ఏడాది నవంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. డబ్బు ఒకరు పెట్టి, ఆస్తి ఇంకొకరి పేరున ఉండి, దాని ప్రయోజనం ఇప్పుడో రేపో డబ్బు పెట్టినవారికే దక్కేలా ఉంటే అది బినామీ లావాదేవీ. భార్య పేరున, భర్త పేరున, సొంత బిడ్డ పేరున కొంటే మినహాయింపు ఉంది. అయితే ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. కొన్నవారికి "తెలిసిన ఆదాయ మార్గాల" నుంచి ఆ డబ్బు రావాలని కూడా అందులోనే రాశారు. మనవాళ్లు వదిలేసే సగం అదే. జీతమో పింఛనో పొలమో, ఏదైనా సరే, దాని దారి చూపించగలగాలి. చూపించలేకపోతే కన్నబిడ్డ అన్న బంధం కాపాడదు. ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. పన్నులో అప్పులో ఎగ్గొట్టడానికే ఇలా చేశారని తేలితే ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా ఉంటాయి. డబ్బు పెట్టిన తండ్రితో పాటు, పేరు పెట్టించుకున్న బిడ్డ కూడా ఆ శిక్ష పరిధిలోకే వస్తారు.

ఈ మినహాయింపు ఎవరెవరికి వర్తించదో కూడా తెలుసుకోవాలి. అల్లుడు, కోడలు ఈ జాబితాలో లేరు. మనవడి పేరున కొంటే తాతగారి పేరు కూడా ఉమ్మడి యజమానిగా కాగితంలో ఉండాలి. మనం తలకిందులుగా చేసే పనికీ ఇదే షరతు. అంటే ఇక్కడి నుంచి డాలర్లు పంపి నాన్నగారి పేరున కొనిపిస్తే, నాన్నగారి పక్కన మన పేరూ దస్తావేజులో ఉండాలి. భార్య, భర్త, సొంత బిడ్డ పేరున కొన్నప్పుడు మాత్రమే ఉమ్మడి పేరు అక్కర్లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో రిటైరైన ఇంజినీరు ఒకాయన 2021లో హైదరాబాద్‌లో 90 లక్షలకు ఫ్లాటు కొని, డాలస్‌లో ఉన్న కూతురి పేరున రిజిస్టర్ చేయించారనుకోండి. అమ్మాయి ఇంకా భారత పౌరురాలే. విజయవాడలో స్థలం అమ్మితే వచ్చినవి 55 లక్షలు. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి 25 లక్షలు. మిగతా 10 లక్షలు మిర్చి పంట మీద ఏళ్ల తరబడి కూడబెట్టినవి. ఒక్క రూపాయి కూడా తప్పుడు సొమ్ము కాదు. అయినా మొదటి రెండింటికే రుజువు సులభం. స్థలం అమ్మిన దస్తావేజు, దాని మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను చూపించిన రిటర్ను, డిపార్ట్‌మెంటు ఇచ్చిన సెటిల్‌మెంటు ఉత్తర్వు, సొమ్ము జమైన బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటే ఆ 80 లక్షల దారి స్పష్టం.

చిక్కంతా ఆ 10 లక్షలది. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు, నిజమే. పన్ను లేదు కదా అని రిటర్నులో చూపించకుండా ఇంట్లో దాచి, రిజిస్ట్రేషన్ ముందు నెలలో ఒక్కసారిగా బ్యాంకులో వేస్తే, అది ఎక్కడిదో చెప్పడం కష్టం. పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ ఉంటే పొలం ఉందని తెలుస్తుంది, అంతే. పంట అమ్మినప్పుడు కమిషన్ వ్యాపారి ఇచ్చిన చీటీలు, కౌలుకిస్తే కౌలు కాగితం, ఏటా రిటర్నులో చూపించిన వ్యవసాయ ఆదాయం ఉంటేనే అది ఈయన చేతికొచ్చిన డబ్బని తేలుతుంది. ఇక రిజిస్టర్ విలువకు పైన బిల్డరుకు నగదు ఇచ్చి ఉంటే ఆ ముక్కకు ఏ కాగితమూ ఉండదు. ఎంత చక్కగా రాసుకున్నా దాన్ని సరిచేయలేం. పిల్లల పేరున కొనే ఆస్తిలో బ్లాక్ కలపకండని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇప్పుడు ఆ 90 లక్షలు ఏ దారిన వెళ్లాలో చూద్దాం. చాలామంది తండ్రులు తమ సేవింగ్స్ ఖాతా నుంచి నేరుగా బిల్డరుకు చెక్కు రాసేస్తారు. ఇక్కడ బినామీ చట్టం కాకుండా విదేశీ మారక చట్టమైన ఫెమా అడ్డొస్తుంది. ఎన్‌ఆర్‌ఐ కొనే ఇంటికి కట్టే సొమ్ము విదేశాల నుంచి బ్యాంకు ద్వారా వచ్చినదైనా కావాలి, లేదా ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ లాంటి ఖాతాల్లో ఉన్నదైనా కావాలి. కాబట్టి ముందు తండ్రి కూతురి ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు డబ్బు బహుమతిగా పంపాలి. దగ్గరి బంధువుకు ఇలా పంపడానికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల విలువ దాకా అనుమతి ఉంది. తర్వాత కూతురే ఆ ఖాతా నుంచి బిల్డరుకు కట్టాలి. తండ్రి ఇచ్చిన బహుమతి మీద భారత్‌లో ఆమెకు ఆదాయపు పన్ను పడదు.

దీంతో ఇంకో మేలు కూడా ఉంది. తండ్రి నిజంగా డబ్బు ఇచ్చేసి, కూతురు తన డబ్బుతో తన కోసం కొనుక్కుంటే, అసలు బినామీ నిర్వచనమే వర్తించదు. డబ్బు పెట్టినవారి ప్రయోజనం కోసం ఆస్తి ఉండటం అన్న ముక్క అక్కడ లేదు కదా. మినహాయింపు అవసరం రాకముందే బయటపడతాం. కోడలికో అల్లుడికో ఏదైనా కొనాలనుకున్నా నిలిచే దారి ఇదొక్కటే.

డబ్బు బహుమతికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇల్లు బహుమతిగా ఇస్తే తప్పనిసరి. అయినా స్టాంపు పేపరు మీద ఒక గిఫ్ట్ డీడ్ రాసుకోండి. ఎవరు ఎవరికి, ఎంత, ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు, ఏ తేదీన, ఏ లావాదేవీ నంబరుతో పంపారో అందులో ఉండాలి. ఆ సొమ్ము తండ్రికి ఎలా వచ్చిందో ఒక్కొక్కటిగా రాయాలి. తిరిగి ఇవ్వనక్కర్లేదనీ, ఆ డబ్బుతో కొనే ఆస్తి మీద తనకు హక్కు ఉండదనీ తండ్రి రాయాలి. కూతురు స్వీకరించినట్టు సంతకం చేయాలి. బహుమతిని ఇచ్చినవారు బతికుండగానే పుచ్చుకోవాలని చట్టం అంటుంది. సాక్షులుగా ఆ ఆస్తితో సంబంధం లేని ఇద్దరిని పెట్టండి. తర్వాత రాయించే కొనుగోలు దస్తావేజులో చెల్లింపు వివరాలు కూతురి ఖాతావే ఉండాలి. అమ్మేవారి దగ్గర మినహాయించి కట్టే టీడీఎస్ కూడా ఆమె పాన్ మీదే కట్టాలి. హడావిడిలో నాన్నగారి పాన్‌తో కట్టేస్తే, కొన్నది ఆయనేనని మనమే ప్రభుత్వానికి రాసిచ్చినట్టవుతుంది.

ఆ ఏడాది లెక్కన 90 లక్షలంటే సుమారు లక్షా ఇరవై వేల డాలర్లు. విదేశీయుల నుంచి ఒక ఏడాదిలో లక్ష డాలర్లకు మించి బహుమతి అందుకున్న అమెరికా పన్ను చెల్లింపుదారు ఫారం 3520 ఇవ్వాలి. పన్నేమీ పడదు. ఇవ్వకపోతే మాత్రం జరిమానా బహుమతి విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు.

కాగితాలు ఒకటి చెబుతూ నడవడిక ఇంకొకటి చెబితే అన్నీ వృథా. 1973లో జయదయాళ్ పొద్దార్ కేసులో సుప్రీంకోర్టు బినామీని తేల్చడానికి కొన్ని గుర్తులు చెప్పింది. డబ్బు ఎక్కడిది, కొన్నాక ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉంది, వేరేవారి పేరు పెట్టడానికి కారణం ఏమిటి, వాళ్లిద్దరికీ ఏమిటి బంధం, అసలు దస్తావేజు ఎవరి దగ్గర ఉంది, తర్వాత ఎవరు యజమానిలా నడుచుకున్నారు అన్నవే అవి. ఇప్పుడు మన ఇళ్లల్లో జరిగేది చూడండి. ఫ్లాటు కూతురిది, దస్తావేజు అమ్మ బీరువాలో, అద్దె నాన్న ఖాతాలో, ఇంటిపన్ను రసీదులు నాన్న ఫైల్లో. అద్దె అమ్మానాన్నలకే చెందాలనుకుంటే తప్పేమీ లేదు. ముందు అది కూతురి ఖాతాలో పడాలి, ఆమె భారత్‌లో రిటర్నులో చూపించాలి, అమెరికా రిటర్నులోనూ చూపించాలి, తర్వాత ఆమె ఎంత కావాలంటే అంత పంపుకోవచ్చు. యజమాని ఎన్‌ఆర్‌ఐ కాబట్టి అద్దెకున్నవాళ్లు టీడీఎస్ కోయాల్సి ఉంటుందని కూడా ముందే వాళ్లకు చెప్పాలి.

ఈ కాగితాలు ఆదాయపు పన్ను వాళ్ల కోసమే అనుకోకండి. రేపు గుంటూరులో ఉన్న అన్నయ్య "అది నాన్న డబ్బుతో కొన్నది, నాకూ వాటా ఉంది" అంటే? ఇంగ్లండ్ న్యాయసూత్రం ప్రకారం తండ్రి బిడ్డ పేరున కొంటే అది బహుమతే అని మొదట భావిస్తారు. భారత్‌లో ఆ ఊహ చెల్లదని ఆనాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ 1854లోనే చెప్పింది. నాన్న ఉద్దేశం ఏమిటో సాక్ష్యంతో తేలాలి. ఆయన పోయాక ఆ సాక్ష్యం చెప్పేది ఆయన సంతకమే.

ఇంత తంటా ఎందుకు అని ఎవరైనా అడిగితే, నా అభిప్రాయం సూటిగా చెబుతాను: చాలా కుటుంబాలకు ఇది అక్కర్లేదు. ఆస్తి చివరికి బిడ్డకు చేరాలన్నదే కోరికైతే అమ్మానాన్నలు తమ పేరునే కొనుక్కుని, రిజిస్టర్డ్ వీలునామా రాస్తే చాలు. డబ్బు వాళ్లది, ఇల్లు వాళ్లది, అద్దె వాళ్లది. ముసలితనంలో అమ్ముకోవాలన్నా ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడక్కర్లేదు. పొలం విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐలు వ్యవసాయ భూమి కొనకూడదు, బహుమతిగానూ తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రం తీసుకోవచ్చు. ఊరి అడ్రసుతో ఉన్న పాత ఆధార్ చూపించి అబ్బాయి పేరున రెండెకరాలు రాయించడం కొందరికి అలవాటైంది. అది మొదటి రోజు నుంచే ఫెమా ఉల్లంఘన.

ఇప్పటికే కొనేసినవాళ్ల సంగతి వేరు. పాత తేదీ వేసి గిఫ్ట్ డీడ్ పుట్టించే ఆలోచన అస్సలు వద్దు. అధికారులకు తప్పుడు పత్రం ఇస్తే దానికి విడిగా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. దానికి బదులు ఈరోజు తేదీతోనే, నాన్నగారు జరిగింది జరిగినట్టు ఒక అఫిడవిట్ ఇవ్వచ్చు. ఏ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఉద్దేశంతో కొన్నారు, ఏయే చెల్లింపులు ఏ ఖాతా నుంచి వెళ్లాయి అన్నవి చాలు. బ్యాంకు ముద్ర వేయించిన పాత స్టేట్‌మెంట్లు ఇప్పుడే తీసుకోండి, ఇంకో పదేళ్లకు అవి దొరకకపోవచ్చు. చెల్లింపులు నేరుగా నాన్నగారి ఖాతా నుంచే వెళ్లి ఉంటే ఫెమా తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటును కలవండి. అలాంటి తప్పులను రిజర్వు బ్యాంకు దగ్గర కాంపౌండింగ్ ద్వారా, అంటే తప్పు ఒప్పుకుని సొమ్ము కట్టి, సరిచేసుకునే వీలుంది.

ఈ వారాంతంలోనే చేయగల పని ఒకటుంది. మీ పాన్‌తో ఆదాయపు పన్ను పోర్టల్లోకి వెళ్లి, అక్కడున్న ఈమెయిలు, ఫోను నంబరు చూడండి. చాలామందివి కాలేజీ రోజుల నాటివే ఉంటాయి. నోటీసు అక్కడికే రావచ్చు. జవాబు ఇవ్వాల్సిన గడువు అందులోనే ఉంటుంది, మీరు చూసినా చూడకపోయినా ఆ గడువు గడిచిపోతుంది.