ఏరోప్రెస్ తిరగేసినంత మాత్రాన కాఫీ స్ట్రాంగ్ అవదు

ఏరోప్రెస్ అంటే గొట్టంలో కాఫీ పొడి, వేడినీళ్లు పోసి, ప్లంజర్‌తో నొక్కి, అడుగున ఫిల్టర్ మూతలోంచి కాఫీ దించుకునే చేతి పరికరం. కొందరు దాన్ని తిరగేసి, అంటే ప్లంజర్ కింద, మూత వైపు పైన ఉంచి నానబెట్టి, చివర్లో కప్పు మీదికి తిప్పి నొక్కుతారు. వాళ్లు చెప్పే మాట ఇది: "ఏరోప్రెస్‌ని మామూలుగా కప్పు మీద పెట్టి చేస్తే సగం నీళ్లు నానకుండానే కారిపోతాయి, అందుకే పల్చటి కాఫీ వస్తుంది. తలకిందులుగా పెట్టి చేయండి. అదే పొడి, అవే నీళ్లు, కాఫీ మాత్రం డబుల్ స్ట్రాంగ్. గట్టిగా చివరి చుక్క దాకా నొక్కితే ఎస్ప్రెస్సోనే!"

ముందు కారిపోయే సంగతి చూద్దాం. కారడం నిజం, సగం అన్నది మాత్రం కాదు. విజయవాడలో మా వంటింటి గట్టు మీద తూకం పెట్టి, దాని మీద కప్పు, కప్పు మీద ఏరోప్రెస్ ఉంచి చూశాను. 15 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల నీళ్లు. పైన ఏమీ మూయకుండా వదిలేస్తే నిమిషంలో కప్పులోకి దిగింది 40 చిల్లర. ఆ దిగినవి కూడా ఉత్త వేడినీళ్లు కావు, పొడిలోంచి వచ్చిన డికాషనే. ఇంట్లో ఇత్తడి ఫిల్టర్ వాడేవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ మొత్తం పని కారడంతోనే అవుతుంది కదా.

ఆ 40 కూడా వద్దనుకుంటే తిరగేయనక్కర్లేదు. నీళ్లు పోసి, కలిపి, ప్లంజర్‌ని పైనుంచి ఒక సెంటీమీటర్ లోపలికి దూర్చి, వెంటనే కొద్దిగా వెనక్కి లాగి వదిలేయండి. కారడం దాదాపు ఆగిపోతుంది. నిండు సోడాలో స్ట్రా ముంచి, పైన వేలితో మూసి ఎత్తితే సోడా అందులోనే నిలుస్తుంది చూడండి, అదే కిటుకు. పైనుంచి గాలి దూరే దారి లేకపోతే నీళ్లు కిందికి జారలేవు. ఇలా చేసి మళ్లీ తూస్తే, ప్లంజర్ పెట్టేలోపు పడ్డ పది పన్నెండు మిల్లీలీటర్లే కప్పులో ఉన్నాయి. చుక్కలు ఆగకుండా పడుతుంటే రబ్బరు సీల్ అరిగి గాలి పోతోందని, లేదా పొడి బాగా ముతకగా ఉందని అర్థం.

ఇక అసలు మాట, డబుల్ స్ట్రాంగ్. కాఫీ పొడిలో నీటికి కరిగేది బరువులో సుమారు 30 శాతం. మిగతాది పిప్పి, ఎన్ని గంటలు నానబెట్టినా పిప్పే. బాగా కుదిరిన కప్పులో దిగేది 20 శాతం దగ్గర ఉంటుంది. అంటే 15 గ్రాముల్లోంచి 3 గ్రాములు, 200 మిల్లీలీటర్ల నీళ్లలో. అదే పొడి, అవే నీళ్లతో దీన్ని రెట్టింపు చేయాలంటే 6 గ్రాములు దిగాలి. కరిగేదే నాలుగున్నర గ్రాములైతే ఆరు ఎక్కడినుంచి వస్తాయి? తిరగేసి పెట్టినా, కప్పు మీద పెట్టినా ఈ లెక్క మారదు.

మా బావ గుంటూరు మనిషి. కాఫీ అంటే గ్లాసు వాసన చూసే "ఇది నీళ్లురా" అనే రకం. ఆయనకు చెప్పకుండా రెండు పద్ధతుల్లోనూ 15 గ్రాములకు 200 పోసి, నిమిషంన్నర నానబెట్టి, రెండు గ్లాసుల్లో ఇచ్చాను. రెండూ తాగి, "రెండూ ఒకటే, రెండూ చారే" అన్నాడు. నాకు మిగిలిన టెస్ట్ అంతా అక్కడితో అయిపోయింది.

తిరగేసే పద్ధతి దండగ అనను. ముతక పొడిని మూడు నాలుగు నిమిషాలు తాపీగా నానబెట్టాలనుకుంటే అది హాయి, చుక్క కూడా కారదు. కానీ నిండా మరిగే నీళ్లు పోసిన గొట్టాన్ని తలకిందులు చేయడం ఉందే, అక్కడే టెన్షన్. నాకోసారి ప్లంజర్ సరిగా దిగలేదు. తిప్పేటప్పుడు అది ఊడి, పిప్పీ నీళ్లూ గట్టు మీదుగా గ్యాస్ పొయ్యి కిందికి పోయాయి. చెయ్యి వెనక్కి లాక్కున్నాను కాబట్టి బొబ్బలెక్కలేదు. తిప్పక తప్పదనుకునేవాళ్లు ప్లంజర్ కనీసం రెండు సెంటీమీటర్లు లోపల ఉండేలా చూసుకోండి, నిండా పోయకండి, మూత బిగించాక ముందు మెల్లగా నొక్కి లోపలి గాలి తీసేసి, కప్పు బోర్లించి అప్పుడు రెండు చేతులతో తిప్పండి.

సరే, స్ట్రాంగ్ కావాలంటే మార్చాల్సింది నీళ్లు. మన ఇళ్లలో స్ట్రాంగ్ అంటే పాలు పోశాక కూడా కాఫీ రుచి నిలబడటం. అందుకు 18 గ్రాముల పొడికి 90 మిల్లీలీటర్ల నీళ్లే పోస్తాను. అయితే ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. నీళ్లు తగ్గిస్తే పొడిలోంచి సారం పూర్తిగా దిగదు, కాఫీ చిక్కగా ఉండి కూడా పుల్లగా, ఏదో పచ్చిగా తగులుతుంది. ఆ తగ్గినదాన్ని పొడి మర పట్టే తీరులో, కలపడంలో తిరిగి రాబట్టాలి.

నేను చేసేది ఇది. పొడి బొంబాయి రవ్వ కంటే సన్నంగా, మెత్తటి ఉప్పులా ఉండాలి. పేపర్ ఫిల్టర్ తడిపి, కప్పు మీద మామూలుగానే పెడతాను. నీళ్లు మరిగాక ఒక నిమిషం ఆగుతాను. బాగా నల్లగా వేయించిన గింజలైతే ఇంకాస్త చల్లార్చి 85 డిగ్రీల దగ్గర పోస్తాను, లేకపోతే చేదు ముందు పలుకుతుంది. పోశాక పొడి ముద్దలు లేకుండా పదిహేను సెకన్లు కలిపి, ప్లంజర్ దూర్చి పైకి లాగి, నిమిషంన్నర ఆగి, ఇంకోసారి గొట్టాన్ని గుండ్రంగా ఊపి, ముప్పై సెకన్ల పాటు నిదానంగా నొక్కుతాను. కప్పులోకి 65 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. 18 శాతమే దిగిందనుకున్నా 90కి మూడు గ్రాముల పైచిలుకు, అంటే ఇందాకటి కప్పుకి రెండింతల పైనే చిక్కదనం. దానికి అంతే వేడి చిక్కటి పాలు, చక్కెర. బావ గ్లాసు కింద పెట్టకుండా తాగింది ఇదే.

తేడా వస్తే నాలుక చెబుతుంది. పుల్లగా ఉంటే పొడి ఇంకొంచెం సన్నం చేయండి, లేదా అర నిమిషం ఎక్కువ ఆగండి. నాలుక ఎండినట్టు చేదుగా ఉంటే కాస్త ముతక చేయండి, నీళ్లు చల్లార్చండి. ఒకేసారి రెండూ మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ పొడితోనూ చేయొచ్చు గానీ, అది ప్లంజర్‌ని మొరాయించేలా చేస్తుంది. 14 గ్రాములతో మొదలుపెట్టండి.

ఆ గట్టిగా నొక్కడం గురించి ఒక్క ముక్క. ఎస్ప్రెస్సో మిషన్ నీళ్లను తొమ్మిది బార్ ఒత్తిడి దగ్గర తోస్తుంది, చేత్తో నొక్కితే ఆ దరిదాపుల్లోకి కూడా రాదు. బలం వాడితే పొడి గట్టిపడి దారి మూసుకుపోతుంది, ఆ మీద ఇంకా నొక్కితే కప్పు ఒరుగుతుంది. గాలి బుస్సుమన్నప్పుడు ఆపేస్తే సరి, ఆ తర్వాత దిగే నాలుగు చుక్కలు మీ కాఫీని స్ట్రాంగ్ చేసేవి కావు.