‘అగమః’కు 6.4.75 జవాబు కాదు

“‘మా నిషాద’ శ్లోకంలో ‘అగమః’ తప్పని ఎవరైనా అంటే ఈ ఒక్క సూత్రం చూపించండి: ‘బహులం ఛన్దస్యమాఙ్యోగేఽపి’ (6.4.75). వాల్మీకి శ్లోకం కోసమే పాణిని దీన్ని రచించాడు. ఛన్దస్సు అంటే పద్యం. పద్యంలో అడాగమం ఉంచినా, తీసేసినా దోషం లేదు. ఆ ‘అ’ లేకపోతే శాపమే ఫలించదు. ఇదే శ్లోకం శ్రీనివాసుడికి మంగళాశాసనం కూడా. పది మందికి పంపండి.”

నెల్లూరు రంగనాయకులపేటలో బాలకాండ ప్రవచనం మొదలైనప్పటి నుంచి బంధువులు, మిత్రులు, నా దగ్గర చదువుకున్నవారు ఈ సందేశాన్ని నాకు పంపుతూనే ఉన్నారు. వారిలో ఒక్కరైనా సూత్రపాఠం తెరిచి పక్క సూత్రాలతో కలిపి చదివి ఉంటే, ఇది వారి దగ్గరే ఆగిపోయేది.

నీవు శాశ్వతంగా ప్రతిష్ఠ పొందకు అని బోయవానికి వాల్మీకి పెట్టిన శాపం ఫలించడం సంగతి ముందు తేల్చేస్తాను. లుఙ్, లఙ్, లృఙ్ అనే క్రియారూపాలలో ధాతువుకు ముందు ‘అ’, అంటే అడాగమం, రావాలని 6.4.71 చెబుతుంది, నిషేధించే ‘మా’, పాణిని మాటలో ‘మాఙ్’, తోడైతే అది రాకూడదని ‘న మాఙ్యోగే’ (6.4.74) చెబుతుంది. ‘ఛన్దసి’ అయితే మాఙ్ ఉన్నా లేకపోయినా ఆ ‘అ’ రావచ్చు, రాకపోవచ్చు అన్నది 6.4.75. గీత రెండవ అధ్యాయం మూడవ శ్లోకంలో ‘క్లైబ్యం మా స్మ గమః పార్థ’ అని ఉంది. గమ్ ధాతువు, లుఙ్, మధ్యమ పురుష ఏకవచనం, అన్నీ ‘అగమః’లో ఉన్నవే. అక్కడ ‘అ’ లేదు, అయినా నిషేధం చక్కగా తెలుస్తూనే ఉంది. కనుక నిషేధార్థానికి ఆ అక్షరంతో పని లేదు. దానితో పని ఉన్నది అనుష్టుప్పుకు. మొదటి పాదం ‘త్వమ్’తో ముగుస్తుంది, ‘అగమః శాశ్వతీః సమాః’ అన్న రెండవ పాదానికి ఎనిమిది అక్షరాలు కావాలి, ‘అ’ తీసేస్తే ఏడే మిగులుతాయి. అదే శ్లోకం ఉత్తరార్ధంలోని ‘అవధీః’ కూడా లుఙ్ రూపమే అయినా, దానికి ‘మా’తో సంబంధం లేదు కనుక అక్కడి ‘అ’ను ఏ పండితుడూ ప్రశ్నించలేదు.

పాణిని ఈ శ్లోకం కోసమే సూత్రం చేశాడన్న మాటకు సూత్రంలో గానీ వృత్తిలో గానీ ఆధారం లేదు. పాణిని సూత్రాలకు వృత్తి అయిన కాశిక ఇక్కడ ఇచ్చిన ఉదాహరణలలో మొదటిది ‘జనిష్ఠా ఉగ్రః’ అన్న ఋగ్వేద మంత్రభాగం. ‘మా’ లేకపోయినా ‘అజనిష్ఠాః’ అనకుండా ‘జనిష్ఠాః’ అనడం ఎలా కుదురుతుందో చూపడానికి దాన్ని ఎత్తుకున్నారు. ‘మా నిషాద’ ఆ ఉదాహరణలలో లేదు.

నన్ను నిజంగా కలవరపెట్టింది ‘ఛన్దస్సు అంటే పద్యం’ అన్న వాక్యం. తక్కినవి తెలియక అన్న మాటలు. ఇది చదువుకునే పిల్లల చేతికి తప్పుడు తాళంచెవి ఇస్తోంది. ఒంగోలులో సంస్కృతం చదువుతున్న ఒక కుర్రవాడు తాను అల్లిన శ్లోకంలో ‘మా త్వమకార్షీః’ అని రాశాడు. ‘మా కార్షీః’ అనాలి నాయనా అని దిద్దితే, ఫోను తీసి ఈ సందేశాన్నే చూపించి, “పద్యంలో పాణినే ఒప్పుకున్నాడు గదా అయ్యవారూ” అన్నాడు. వాడిని ఏమనగలం? వాడు సూత్రాన్ని ప్రమాణంగా నమ్మాడు. దానికి లేని అర్థం అంటగట్టింది పెద్దవాళ్లు.

అష్టాధ్యాయిలో ‘ఛన్దసి’ అంటే వేదవిషయంలో అని అర్థం. అందులో మంత్రంతో పాటు బ్రాహ్మణమూ చేరుతుంది, బ్రాహ్మణమేమో వచనం. పద్యమనే అర్థమే అయితే ఆ వచనమంతా ఈ సూత్రాల పరిధి దాటిపోవాలి. పాణిని ‘ఛన్దసి’కి ఎదురుగా నిలబెట్టిన మాట ‘గద్యే’ కాదు, ‘భాషాయామ్’ (3.2.108), అంటే ఆయన వేరు చేసింది వేదభాషను, శిష్టులు మాట్లాడే భాషను. ఋక్కుకే పరిమితం చేయదలచినప్పుడు ‘ఋచి’ అనీ (6.3.133), యజుస్సుకైతే ‘యజుషి’ అనీ (6.1.117) విడిగా చెప్పాడు. ఇంత జాగ్రత్తగా మాట వాడినవాడు, ఎవరు ఏ పద్యం రాసినా వర్తించేటట్టు ఒక్క సూత్రాన్ని వదిలేశాడని నమ్మమంటున్నారా? వృత్తం అన్న అర్థం ఆయనకు తెలియనిది కాదు. ‘ఛన్దోనామ్ని చ’ (3.3.34) అన్నచోట ఆ అర్థమే తీసుకోవాలి. అయితే అక్కడ ‘నామ’ శబ్దం ఉన్నందువల్లనే వృత్తమని గ్రహించాలని కాశికాకారులు ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. మామూలుగా ‘ఛన్దసి’ అంటే వేదమేనని ఆ వివరణే చెప్పకనే చెబుతోంది.

మంగళాశాసనం మాట సందేశంలోకి ఎందుకు వచ్చిందో నాకు బోధపడలేదు. ‘మా’ అంటే లక్ష్మి, ‘మానిషాద’ అంటే లక్ష్మికి నివాసమైనవాడా అని సంబోధన. రావణ మండోదరుల జంటలో కామమోహితుడైన రావణుని వధించి శాశ్వతమైన ప్రతిష్ఠను పొందావని భావం. పూర్వ వ్యాఖ్యాతలు చెప్పిన అందమైన అన్వయమే, కాదనను. కానీ ఆ అన్వయంలో నిషేధమే లేదు. ‘అగమః’ అచ్చంగా భూతకాలపు లుఙ్. అందులోని ‘అ’ 6.4.71 ప్రకారం రావలసిందే. అప్పుడు 6.4.75తో ఏం పని? రోగం లేదంటూనే మందు చేతిలో పెడుతున్నారు.

శాపార్థాన్నే నిలబెట్టుకుంటూ పండితులు వేరే దారులూ వెతికారు. ఇది ఙకారం ఉన్న ‘మాఙ్’ కాదు, ఉత్త ‘మా’ శబ్దం అన్నది ఒక దారి. ‘మా భవతు’ వంటి ప్రయోగాలకు సిద్ధాంతకౌముది ఇచ్చిన సమాధానం అదే. దాన్ని ఇక్కడికి తెస్తే 6.4.74 అడ్డు తొలగుతుంది గానీ, ‘మాఙి లుఙ్’ (3.3.175) కూడా చేజారుతుంది. మిగిలేది భూతకాలపు లుఙ్ కనుక, నీవు ప్రతిష్ఠ పొందలేదు అన్న అర్థం వస్తుంది. దాన్ని మళ్లీ శాపంగా తిప్పడానికి మరో సూత్రం సాయం కావాలి. పదవిభాగం మార్చి ‘తు అమ గమః’ అని, లక్ష్మి లేనివాడా అని బోయవానిని పిలిచినట్టు చెప్పడం రెండో దారి. సంధి కుదురుతుంది, ‘అ’ సంబోధనలోకి వెళ్లిపోతుంది, గీతలో ఉన్న ‘గమః’ మిగులుతుంది. కానీ పాదాంతంలో ‘త్వమ్’ అని విన్న చెవికి ఆ ‘అమ’ తట్టదు.

ఒక విషయంలో మాత్రం ఈ సందేశం రాసినవారి పక్షాన నిలబడతాను. ఈ ప్రయోగానికి దగ్గరగా ఉన్న సూత్రాన్నే వారు పట్టుకున్నారు. మాఙ్ ఉన్నా ‘అ’ రావడమనేది వేదంలో ఉన్న వాడుకే అని 6.4.75 సాక్ష్యం చెబుతుంది. ఋషి నోట అటువంటి రూపం వెలువడితే వింత లేదని, దాన్ని ఆర్షమని గౌరవించడానికి ఆ సాక్ష్యం తోడ్పడుతుంది. ‘ఛన్దోవత్ కవయః కుర్వన్తి’, కవులు వేదంలో వలె ప్రయోగిస్తారని మహాభాష్యమే అంటుంది. అయితే ఆ వెంటనే, ఇది ఇష్టి కాదని, అంటే శాస్త్రం కోరి ఇచ్చిన అనుమతి కాదని కూడా అంటుంది. కనుక ‘అగమః’ను ఆర్షప్రయోగమని చెప్పి, వేదంలోనూ ఇటువంటివి ఉన్నాయనడానికి పోలికగా 6.4.75ను చూపితే నాకు అభ్యంతరం లేదు. ఆ సూత్రమే దీన్ని సాధించిందనడం మాత్రం సరికాదు. ఒంగోలు కుర్రవాడి ‘అకార్షీః’కు ఆ పోలిక కూడా దక్కదు.