పరుగుకూ ర్యాంకులా?

తరగతి గది బయట గోడకు ఒక కాగితం. అందులో వరుసగా పిల్లల పేర్లు, పక్కన ఎత్తు, బరువు, 600 మీటర్ల పరుగుకు పట్టిన సమయం, చివరి గడిలో ర్యాంకు. ఫిట్‌నెస్ పరీక్షలు పెట్టిన బడుల్లో ఇలాంటి జాబితాలు గోడలకెక్కుతున్నాయి. వాటి ఫొటోలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. పదకొండేళ్ల పాప ఎంత బరువుందో ఊరందరికీ తెలియాల్సిన అవసరం ఏమొచ్చింది? చదువులో ర్యాంకుల పిచ్చి పిల్లలను ఏం చేసిందో తెలుగు రాష్ట్రాలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు అదే పిచ్చిని ఆటస్థలంలోకి తెస్తున్నారు.

బడుల్లో పెడుతున్న ఈ పరీక్షలు కేంద్ర ప్రభుత్వ క్రీడా కార్యక్రమం ఖేలో ఇండియావి. వాటి ఫలితాలు నమోదు చేసే యాప్ 2019లో వచ్చింది. అందులో ఒక పిల్లవాడి ఫలితాన్ని తరగతిలోని మిగతా పిల్లలతో పోల్చరు. అదే వయసు అబ్బాయిలకు, అదే వయసు అమ్మాయిలకు వేర్వేరుగా ఉన్న ప్రమాణాల పట్టికతో పోల్చి, ఏడు స్థాయుల్లో ఏదో ఒకటి ఇస్తారు. తరగతి ర్యాంకుతో ఈ పరీక్షకు పనే లేదు. పైగా ఆ ర్యాంకు తప్పు కూడా. ఆరో తరగతిలో పదిన్నరేళ్ల వారి నుంచి పన్నెండు దాటిన వారి దాకా ఉంటారు. ఆ వయసులో ఏడాది తేడా అంటే కాళ్ల పొడవులో, కండ బలంలో కంటికి కనిపించేంత తేడా. అందరినీ ఒకే వరుసలో నిలబెడితే మొదటి ర్యాంకు దక్కేది ఎక్కువగా ముందు పుట్టిన వారికే.

వయసు లెక్క దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. పట్టికలో చూడాల్సింది పరీక్ష రోజుకు నిండిన ఏళ్లను. విద్యా సంవత్సరం మొదలైన నాటి వయసు, తరగతిని బట్టి ఊహించిన వయసు పనికిరావు. 2013 సెప్టెంబరు 12న పుట్టిన పాపకు 2025 సెప్టెంబరు 5న పరీక్ష పెడితే 11 ఏళ్ల వరుస చూడాలి. అదే నెల 20న పెడితే 12 ఏళ్ల వరుస. బడిలో చేర్చేటప్పుడు సౌలభ్యం కోసం రాయించిన జూన్ తేదీలు మన రికార్డుల్లో తక్కువేమీ కాదు. పిల్లల అసలు వయసు ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోకపోతే పట్టిక సరైనదైనా ఫలితం తప్పుతుంది.

ఈ పాపనే ఉదాహరణగా తీసుకుందాం. జులైలో ఆమె 600 మీటర్లను 4 నిమిషాల 5 సెకన్లలో పూర్తిచేసింది. జనవరికి 3 నిమిషాల 50 సెకన్లకు వచ్చింది. పదిహేను సెకన్లు తగ్గడం చిన్న విషయం కాదు. అయినా ఈలోగా పుట్టినరోజు వచ్చింది కాబట్టి ఆమెను పోల్చే వరుస మారింది. స్థాయి ఉన్నచోటే ఉండిపోవచ్చు. కార్డు మీద స్థాయి ఒక్కటే రాసి పంపితే ఆరు నెలల కష్టం ఇంట్లో ఎవరికీ కనిపించదు. పాప ఏమీ సాధించలేదనే అనుకుంటారు. అబ్బాయిల్లో 13, 14 ఏళ్లప్పుడు ఇది ఇంకా తీవ్రం. ఎత్తు జోరుగా పెరిగే దశ అమ్మాయిలకు సగటున 12 ఏళ్లకు, అబ్బాయిలకు 14 ఏళ్లకు వస్తుంది. ఒక్కొక్కరికి ఏడాది, రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు తన సమయాన్ని ఏటా కాస్త మెరుగుపరుచుకుంటున్నా పట్టికలో కిందికే జారుతుంటాడు. అది బద్ధకం కాదు, శరీరం ఇంకా ఆ మలుపు తిరగలేదంతే. అలాంటి వాడికి గోడ మీద చివరి ర్యాంకు ఇస్తే, ఆటలు తనవి కావని పద్నాలుగేళ్లకే తీర్మానించుకుంటాడు.

కొలతలో దొర్లే తప్పులనైతే ఎవరూ లెక్కలోకే తీసుకోవడం లేదు. చేతి స్టాప్‌వాచ్‌తో 50 మీటర్ల పరుగు కొలిస్తే, వాచీ నొక్కే వ్యక్తి మారినంత మాత్రాన రెండు మూడు పదో వంతుల సెకను తేడా రావచ్చు. కాళ్లు చాపి కూర్చుని, పాదాలు ఒక పెట్టెకు ఆనించి ముందుకు వంగే పరీక్షలో ఆ పెట్టె మీద సున్నా గీత ఎక్కడుందన్నది మరీ ముఖ్యం. కొన్ని పద్ధతుల్లో పాదాలు ఆనే చోటును 15 సెంటీమీటర్లుగా, కొన్నిట్లో 23గా గుర్తిస్తారు. ఒక పెట్టెతో కొలిచి ఇంకో పద్ధతి పట్టిక చూస్తే బడి మొత్తానికి ఎనిమిది సెంటీమీటర్ల తేడా వస్తుంది. తరగతిలో దాదాపు అందరూ ఒకే పరీక్షలో అట్టడుగున కనిపిస్తే అనుమానించాల్సింది పిల్లలను కాదు, పెట్టెను. ఇంత ఊగిసలాడే కొలతల మీద పదో ర్యాంకుకూ పద్నాలుగో ర్యాంకుకూ తేడా ఉందని ఏ ధైర్యంతో రాస్తున్నారు?

పోటీ ఉంటేనే పిల్లల్లో పట్టుదల వస్తుందనే వాదన ఉంది. దానికి క్రీడోత్సవాలున్నాయి, అక్కడ పిల్లలు ఇష్టపడే పోటీకి వస్తారు. ఫిట్‌నెస్ పరీక్షకు అందరూ తప్పనిసరిగా రావాల్సిందే. తప్పనిసరిగా రప్పించి, కొలిచి, అందరి ముందూ వరుసలో పెట్టడం పోటీ అనిపించుకోదు. అనారోగ్యకరమైన పోటీ వద్దనే కారణంతోనే 2023లో సీబీఎస్ఈ బోర్డు పరీక్షల మెరిట్ జాబితా ప్రకటించలేదు. లెక్కల మార్కులకు వద్దనుకున్న ర్యాంకు పిల్లల బరువుకు, పరుగుకు ఎలా సమ్మతమైంది?

ఫలితం ఎలా చెప్పాలో వ్యాయామ ఉపాధ్యాయులకు తెలుసు, చెప్పే వ్యవధి ఇస్తే చాలు. పైన చెప్పిన పాప విషయమే చూడండి. 200 మీటర్ల చుట్లు మూడు. ప్రతి చుట్టుకూ సమయం రాసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. జులైలో ఆమె చుట్లు వరుసగా 60, 85, 100 సెకన్లు. అంటే మొదట్లోనే ఊపిరంతా ఖర్చుచేసి చివర్లో నడిచింది. జనవరిలో 70, 78, 82. ‘మొదటి చుట్టు నెమ్మదిగా మొదలుపెట్టావు కాబట్టి చివరిదాకా ఆగకుండా పరుగెత్తగలిగావమ్మా. పోయినసారి కంటే పదిహేను సెకన్లు ముందొచ్చావు. ఇక మూడో చుట్టును 80 లోపు తెద్దాం’ అని పక్కకు పిలిచి చెప్పడానికి నిమిషం చాలు. ఇందులో ఇంకో పిల్ల పేరు రాలేదు. ఉత్తుత్తి పొగడ్తా లేదు. ఏం చేయడం వల్ల మెరుగైందో, ఇప్పుడేం చేయాలో ఉంది. కార్డు మీద కూడా పోయినసారి కొలత, ఈసారి కొలత పక్కపక్కన ఉండాలి. స్థాయి ఆ తర్వాతే. బరువు, బీఎంఐ మాత్రం విడిగా కొలవాలి, పైకి చదవకూడదు, తల్లిదండ్రులకే ఇవ్వాలి.

అన్నిటికంటే కింది స్థాయికి ‘ఇంకా కష్టపడాలి’ అనే అర్థమిచ్చే పేరు పెట్టడమే మాకు అభ్యంతరకరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి దేశంలో రెండో చుట్టుకే ఆయాసపడే పిల్లకు కావాల్సింది మందలింపు కాదు, రక్తపరీక్ష. పాలిపోయిన కళ్లు, తల తిరగడం, పిల్లికూతలు, నాలుగడుగులకే ఆగిపోవడం కనిపిస్తే ఆ పిల్ల పేరును బడి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చేరవేయాలి. గోడ మీద ర్యాంకు రాసిన బడి ఆ పని చేసిందా?

విద్యాశాఖలు ఒక్క వాక్యం ఉత్తర్వు ఇవ్వాలి: ఫిట్‌నెస్ ఫలితాలను పేర్లతో ప్రదర్శించరాదు, ర్యాంకులు ఇవ్వరాదు. ఆ ఉత్తర్వు కోసం ప్రధానోపాధ్యాయులు ఎదురుచూడనక్కర్లేదు. రేపు ప్రార్థన గంట మోగేలోపు ఆ కాగితాలను మీ చేతులతో మీరే చింపేయండి.