మాస్టారి ఉత్తరంలో మార్కులు లేవని

మొన్న మన సంఘం వాళ్లు విజయవాడలో పెట్టిన కలయికలో, భోజనాల దగ్గర, మా అమ్మాయికి ట్రిగనామెట్రీ చెబుతున్న గుంటూరు మాస్టారి ఉత్తరం నా ఫోన్‌లోంచి నలుగురి చేతుల్లోకీ వెళ్లింది. విద్యా కమిటీలో ఉన్న ఒక పెద్దాయన గబగబా చూసేసి, "నెల ఫీజు తీసుకుని ఒక్క పర్సంటేజీ కూడా రాయలేదేంటమ్మా, ఇది రిపోర్టా, కబుర్లా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నన్ను ఇంకా గుచ్చుతూనే ఉంది, ఎందుకంటే పిల్ల చదువు గురించి ఇంత వివరంగా నాకెవరూ ఇంతవరకు రాయలేదు.

ఈ సెలవుల్లో అమ్మాయి బ్రాడీపేటలో వాళ్ల అమ్మమ్మ దగ్గర ఉంది. మాస్టారు వారానికో వర్క్‌షీటు ఇస్తారు, రబ్బరు ముట్టుకోకూడదు, తప్పు పోయిన లైను కూడా అలాగే కనపడాలి. మొదటి వారం లంబకోణ త్రిభుజంలో నిష్పత్తులు, రెండో వారం ఏ పాదంలో ఏది ప్లస్, ఏది మైనస్. ఈ రెండింటికీ ఉత్తరంలో ఒక్క వాక్యమే: "ఇవి వచ్చమ్మా, దిగులు లేదు." మిగతాదంతా మూడో షీటులో ఒక లెక్క, నాలుగో షీటులో ఒక లెక్క గురించే.

మూడో షీటు లెక్క sin 2θ = sin θ. 0° నుంచి 360° లోపు (360° కాకుండా) సరిపోయే θ విలువలన్నీ కనుక్కోవాలి. మా అమ్మాయి 2 sin θ cos θ = sin θ అని సరిగ్గానే రాసి, రెండు వైపులా sin θ కొట్టేసి, cos θ = 1/2, కాబట్టి 60° అని ముగించింది. అసలు జవాబులు నాలుగు: 0°, 60°, 180°, 300°. మాస్టారు ఇందులో రెండు వేరు వేరు తప్పులున్నాయని విడదీసి రాశారు. sin θ సున్నా కూడా కావచ్చు, సున్నా కాగల దాన్ని కొట్టేస్తే దానితోపాటే 0°, 180° పోతాయి. ఇక cos నాలుగో పాదంలోనూ ప్లస్సే కదా, కాలిక్యులేటర్ చూపించిన 60° దగ్గర ఆగిపోవడంతో 300° పోయింది. దాని కింద రాసిన మాట నాకు బాగా పట్టుకుంది: "60° పెట్టి సరిచూసుకుంది, సరిపోయింది. అందుకే ధీమాగా ఉంది. వచ్చిన జవాబు నిజమో కాదో సరిచూస్తే తెలుస్తుంది గానీ, పోయిన జవాబు తెలియదమ్మా."

నాలుగో షీటులో 2cos²θ = cos θ ఇచ్చారు. ఈసారి కొట్టేయలేదు, అన్నీ ఒక వైపుకి తెచ్చి cos θ కామన్ తీసి, cos θ(2cos θ − 1) = 0 అని రాసింది. 90°, 60° అంది. 270°, 300° మళ్లీ వదిలేసింది. నాలుగు జవాబులూ ఉంటేనే మార్కు అంటే ఆ వారమూ సున్నా, ఈ వారమూ సున్నా. కానీ మొదటి తప్పు పోయింది, రెండోది మాత్రమే మిగిలింది. ఈ నెలలో జరిగింది అదే, అది ఏ పర్సంటేజీలో కనిపిస్తుంది చెప్పండి? పైగా రెండూ ఒకే రకం లెక్కలు కాబట్టి, అన్ని రకాలూ కలిపి ఇచ్చినప్పుడు ఈ అలవాటు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పనని కూడా రాశారు. "ఇంట్లో 'అటూ ఇటూ ఉన్నది కొట్టేయ్' అని తొందరపెట్టకండి, అంకెలతో చెల్లింది ఇక్కడ చెల్లదు" అని నాకో మాట.

పెద్దాయన మాటలో న్యాయం లేదనను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పేజీడు ఉత్తరం చదివే ఓపిక రోజూ ఉండదు, ఒక అంకె కనపడితే మనసు కుదుటపడుతుంది. గుంటూరులో పెరిగిన మనలో చాలామందిని ఎంసెట్ ర్యాంకే ఊరు దాటించింది, పేపర్లో ఆ అంకె వెతుక్కున్న నాన్నల వేళ్లు వణకడం మనం చూశాం. ఆ ర్యాంకుని నేనెప్పుడూ చులకన చేయను. కాకపోతే ర్యాంకు అందరిలో మన పిల్ల ఎక్కడుందో చెబుతుంది, ఏ లైను దగ్గర ఆగిపోయిందో చెప్పదు. నెల రోజులకి నాకు కావలసింది ఆ లైనే.

అందుకని కమిటీ వాళ్లని అడుగుతున్నాను. మన పిల్లలకి చెప్పే మాస్టార్లకి పంపే ఫారంలో హాజరు, మార్కులు అని రెండే గళ్లున్నాయి. వాటిని ఉంచండి, తీసేయమనడం లేదు. కింద సగం పేజీ ఖాళీ వదలండి, పిల్ల చేసిన ఒక్క లెక్క, తప్పుతో సహా, మాస్టారి చేత్తో రాయించండి. దసరాకి కొత్త బ్యాచ్ మొదలయ్యేలోపే ఈ మార్పు చేయండి, ఫారం దిద్దడానికి మనిషి కావాలంటే నేను కూర్చుంటాను.