ఆకుపచ్చ త్రికోణం పిల్లికి చదవడం రాదు

ఈ ఉదయం పది గంటలకు మా ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే వీపున ట్యాంకు తగిలించుకున్న కుర్రవాడు నిలబడి ఉన్నాడు. అసోసియేషన్ వాళ్లు పంపించారట, ఈ టవరులోని అన్ని ఇళ్లలోనూ బొద్దింకల మందు కొట్టి పోవాలట. ముందురోజు ఒక్క మాట చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. ఏ మందు బాబూ అని అడిగితే "స్మెల్‌లెస్ మేడం" అన్నాడు. అది మందు పేరు కాదని, డబ్బా చూపించమని పట్టుబడితే కిందికి వెళ్లి బండిలోంచి తెచ్చి, దాని మీద ఉన్న ఆకుపచ్చ త్రికోణాన్ని బొటనవేలితో తట్టి చూపించాడు. "గ్రీన్ ఇదె నోడి, పిల్లికి ఏనూ ఆగల్ల." ఏమీ కాదు అనే అర్థంలో ఆ "ఏనూ ఆగల్ల" అన్న కన్నడ మాటను ఈ బెంగళూరులో నేను వినడం ఇది రెండోసారి. మొదటిసారి విన్నప్పుడు నా పిల్లి రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంది. కాబట్టి ఆ కుర్రవాడిని మర్యాదగానే వెనక్కి పంపాను. అయిదు నిమిషాలు తిరగకముందే సెక్రటరీ గారు గ్రూపులో, కొందరు పిల్లి పేరు చెప్పి అందరి ఆరోగ్యానికీ అడ్డుపడుతున్నారని రాశారు. ఆ కొందరూ నేనే.

ముందు ఆ త్రికోణం సంగతి చెబుతాను. మన దేశంలో పురుగుమందుల డబ్బాల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఉండే ఆ గుర్తు, ఎలుకల వంటి ప్రయోగశాల జంతువులను చంపడానికి ఎంత మోతాదు పడుతుందన్న లెక్కను బట్టి వేసేది. ఆకుపచ్చ అంటే ఆ లెక్కలో ప్రమాదం తక్కువ అని మాత్రమే అర్థం. అందులో పిల్లి లెక్క లేదు, చేప లెక్క అసలే లేదు. డబ్బా మీద చూడవలసింది రంగును కాదు, చిన్న అక్షరాలలో ఉండే మందు పేరును. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అంటూ "త్రిన్"తో ముగిసే పేరు కనిపిస్తే అది పైరిత్రాయిడ్ కుటుంబానిదని అనుకోవచ్చు. ఇళ్లలో కొట్టే మందుల్లో చాలా మటుకు ఆ కుటుంబానివే. "ఇది చామంతి పువ్వుల నుంచి తీసిందేనమ్మా, ఆయుర్వేదం లాంటిది" అని నాకు ఒక పెద్దాయన నచ్చజెప్పారు. చామంతి జాతి పువ్వుల నుంచి తీసే పైరెత్రమ్ అనే సారం ఉన్న మాట నిజమే, దానిని చూసి కర్మాగారంలో తయారు చేసినవే ఈ త్రిన్‌లు. గన్నేరు కూడా పువ్వే కదా, ఆయన దానితో కషాయం కాచుకుంటారా?

ఇక పిల్లికే ఎందుకింత ప్రమాదమంటే, దాని కాలేయంలో ఒక పనిముట్టు సరిగ్గా లేదు. మన శరీరంలోకీ కుక్క శరీరంలోకీ ఇలాంటి మందు వెళ్లినప్పుడు కాలేయం దానిని విరగ్గొట్టి, ఆ ముక్కలకు చక్కెర నుంచి పుట్టిన ఒక ఆమ్లాన్ని తగిలించి, నీటిలో కరిగేలా మార్చి మూత్రంలో సాగనంపుతుంది. దీనిని గ్లూకురోనిడేషన్ అంటారు. మాంసం మాత్రమే తిని బతికే పిల్లి జాతిలో, మొక్కల్లోని విషాలను విరగ్గొట్టే అవసరం అంతగా లేకపోవడం వల్ల కాబోలు, ఈ పనికి కావలసిన ఒక జన్యువు ఎప్పుడో చెడిపోయి ఊరకే పడి ఉంది. సింహానిదీ ఇదే కథ. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలగడానికి కారణం కూడా ఇదే. కుక్క త్వరగా వదిలించుకునే పెర్మెత్రిన్ పిల్లి ఒంట్లో చాలాకాలం తిరుగుతూ ఉంటుంది. తిరుగుతూ ఏం చేస్తుందంటే, నరాలలో సోడియం వచ్చి పోయే ద్వారాలను మూసుకోనివ్వదు, నరం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. బొద్దింక వెల్లకిలా పడి కాళ్లు తన్నుకోవడాన్ని చూసి మనం సంతోషిస్తాం కదా, పిల్లికి వచ్చే వణుకూ అదే.

దీనికి తోడు పిల్లి మందును ముక్కుతో మాత్రమే తీసుకోదు. నేలమీద పడిన మందు పాదాలకు అంటుతుంది, గాలిలోంచి దిగిన తుంపర వెంట్రుకల మీద పేరుకుంటుంది, పిల్లి రోజుకు కొన్ని గంటలపాటు కూర్చుని తనను తాను నాక్కుంటుంది. వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదనడం ఎంత తెలివైన మాటో దీనిని బట్టి చూడండి.

నా మిరియం కథ ఇది. మిరియం మా నల్లపిల్లి, మూడున్నర కిలోలు. నిరుడు జూలైలో ఇలాగే ఒకాయన వచ్చి, వంటగదిలో గోడకూ నేలకూ మధ్య అంచుల వెంబడి, ఫ్రిజ్ కిందా సింకు కిందా పదకొండు గంటలకు మందు కొట్టి, అరగంటలో ఆరిపోతుందని చెప్పి వెళ్లాడు. నేను మిరియంను పడకగదిలో పెట్టి తలుపు వేశాను, అక్కడికి నా జాగ్రత్త పూర్తయిందనుకున్నాను. బయట వాన, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బెంగళూరు జూలైలో ఉతికిన చొక్కాయే రెండు రోజులకు గాని ఆరదు, ఫ్రిజ్ కింద కొట్టిన మందు అరగంటలో ఎలా ఆరుతుందో నేను ఆలోచించలేదు. పన్నెండున్నరకు తలుపు తీశాను. అది తిన్నగా వెళ్లి, వెచ్చగా ఉంటుందని ఫ్రిజ్ కిందే పడుకుంది, లేచి శుభ్రంగా నాక్కుంది.

సాయంత్రం అయిదింటికి చెవులు అదరడం మొదలయింది. ఈగ వాలిందేమో అనుకున్నాను. తరువాత ముందుకాలు పదే పదే విదిలించింది, నీళ్లలో అడుగు పెట్టిన పిల్లి విదిలిస్తుందే, అలాగ. వీపు మీద చర్మం అలలాగా కదిలింది, నోటి నుంచి చొంగ కారింది, ఏడింటికల్లా ఒళ్లంతా వణుకు. ఈ చెవుల అదురూ కాలి విదిలింపూ చూసినప్పుడే బయలుదేరాలి, మూర్ఛ వచ్చేదాకా చూడకూడదు. ఒక్కోసారి ఈ లక్షణాలు మరునాటికో ఆ మరునాటికో గాని బయటపడవు, అందువల్ల మందు కొట్టి రెండు రోజులయింది కదా అని కొట్టిపారేయకూడదు కూడా.

నేను చేసిన తప్పు ఒకటి ఉంది. కంగారులో కుళాయి కింద పెట్టి చన్నీళ్లతో కడిగాను. ఒళ్లు చల్లబడితే ఈ మందు నరాల మీద ఇంకా గట్టిగా పనిచేస్తుందని ఆసుపత్రిలో డాక్టరు గారు చెబితే తెలిసింది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చని నీళ్లతో కడిగి, వెంటనే తువ్వాలుతో తుడిచి ఆరబెట్టాలట. అది కూడా పిల్లి స్పృహలో ఉండి, మూర్ఛ లేనప్పుడే. పాలు పట్టడం, నెయ్యి నాకించడం, వాంతి చేయించడం పనికిరావు. కొవ్వుతో కలిస్తే మందు ఇంకా బాగా ఒంటికి పడుతుంది, మా అత్తగారి చేతిలోని నేతిగిన్నెను నేను సమయానికి ఆపాను. ఆసుపత్రిలో వణుకు తగ్గించడానికి మెథోకార్బమాల్ ఇచ్చి, సెలైన్ పెట్టి, రెండు రాత్రులు ఉంచుకున్నారు. దీనికి విరుగుడు అంటూ లేదు, ఒంట్లోంచి మందు పోయేదాకా కాపు కాయడమే. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న కొట్టిన మందు పేరు. మలాథియాన్ లాంటి మరో కుటుంబానిదైతే అట్రోపిన్ అనే వేరే ఇంజెక్షన్ ఇవ్వాలట, త్రిన్‌లకు అది విరుగుడు కాదట. నా దగ్గర ఉన్న సమాధానం "స్మెల్‌లెస్". మందు కొట్టినాయనకు ఫోన్ చేసి పేరు రాబట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈ ఉదయం డబ్బా చూపించమన్నది అందుకు, సెక్రటరీ గారూ.

అన్నట్టు చేపల సంగతి ఈ అసోసియేషన్‌కు తెలియనిదేమీ కాదు. అంతకుముందు ఏడాది డెంగీ కాలంలో, డీజిలో కిరోసినో కలిపి పొగ పట్టే యంత్రాన్ని మెట్ల దారి వెంట తిప్పినప్పుడు, రెండో అంతస్తులోని అంకుల్ గారి అక్వేరియంలో చేపలన్నీ తెల్లవారేసరికి తేలాయి. కరెంటు పోయి ఆక్సిజన్ తగ్గి ఉంటుందని అప్పుడు తీర్పు చెప్పారు. ఆ రాత్రి కరెంటు పోలేదు, పోయి ఉంటే బహుశా ఆ చేపలు బతికేవి. ఎందుకంటే గదిలోని గాలిని పీల్చి నీటి అడుగుకు బుడగలుగా పంపించేది ఆ ఎయిర్ పంపే. పొగ నిండిన గదిలో అది నడుస్తున్నదంటే, మందును మనమే గొట్టం పెట్టి చేపలకు పట్టిస్తున్నట్టు. త్రిన్‌లు లీటరు నీటిలో మైక్రోగ్రాముల లెక్కన ఉన్నా చేపలకు ప్రాణాంతకం. పొగ పట్టే ముందు పంపు ఆపి, తొట్టె మీద ప్లాస్టిక్ షీటు కప్పి అంచులను టేపుతో అంటించాలి. మూత వేసిన తొట్టెలో ఆక్సిజన్ కొద్ది గంటలకే సరిపోతుంది, చేపలు కిక్కిరిసి ఉంటే అంత కూడా ఉండదు. కనుక పొగ పోయి, కిటికీలు తీసి ఇల్లంతా గాలి ఆడిన తరువాత, షీటును పైభాగం తడిబట్టతో తుడిచి తీసి పంపు వేయాలి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నా, పక్కకు ఒరిగి సుడులు తిరుగుతున్నా అప్పటికే మందు నీటిలో చేరిందని అర్థం. వెంటనే కొంత నీరు మార్చి, ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ వేయడం తప్ప చేయగలిగింది లేదు.

పక్షులకు ఇంట్లో ఏ ఏర్పాటూ చాలదు, పంజరంతో సహా వేరే ఇంటికి పంపించవలసిందే. వాటి ఊపిరితిత్తులకు తోడుగా ఒళ్లంతా గాలి సంచులు ఉంటాయి, గాలిలోంచి ఏదైనా మనకంటే ఎక్కువగా లాక్కుంటాయి. మందు మాట అటుంచి కిరోసిన్ పొగ ఒక్కటే చాలు. పంజరం మీద దుప్పటి కప్పితే పొగ ఆగుతుందనుకోవడం దోమతెరతో వానను ఆపాలనుకోవడమే.

నేను బొద్దింకలకు వ్యతిరేకిని కానని, వాటితో నాకు చుట్టరికమేమీ లేదని కూడా చెప్పుకోవలసి వస్తున్నది. వంటింటి బొద్దింకలకు జెల్ ఉంది. బియ్యపు గింజంత చుక్కలుగా, క్యాబినెట్ మడత బందుల దగ్గరా సింకు వెనుక సందుల్లోనూ, పిల్లి నాలుక చేరని చోట పెడతారు, గాలిలోకి ఏమీ లేవదు. వారం పది రోజులు ఆలస్యమవుతుంది, అంతే. తప్పనిసరిగా స్ప్రేయే కావాలంటే రెండు రోజుల ముందు చెప్పండి. పిల్లినీ, దాని తిండి గిన్నెలనూ, పరుపునూ, లిట్టర్ తొట్టెనూ మారతహళ్లిలోని మా చెల్లెలి ఇంటికి చేర్చుకుంటాను. కిటికీలు తీసి, తడి అన్నది ఎక్కడా లేకుండా ఆరి, దాని పాదాలు తగిలే నేలను తుడిచి, ఒక పూర్తి రోజు గడిచాక తెచ్చుకుంటాను. నేను అడిగింది ఇంతే.

పదకొండు గంటలకు గ్రూపులో ఒకే ఒక ప్రశ్న పెట్టాను: ఈ రోజు మన ఇళ్లలో కొట్టిన మందు పేరేమిటి? ఇప్పటికి నలభై ఆరు మంది చూశారు. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. సెక్రటరీ గారు కారు పార్కింగు గురించి కొత్త నోటీసు పెట్టారు.